కండిషన్ గడిలో "గుడ్" అని రాస్తే: ల్యాప్‌టాప్, ఫోన్ ఇచ్చి తీసుకునే ఫారం లెక్కలు

ఉద్యోగం మానేస్తున్న మనిషి ఆఖరి రోజు ల్యాప్‌టాప్ తెచ్చి ఐటీ వాళ్ల బల్ల మీద పెడతాడు. ఐటీ అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తే వెనక కుడి మూల చిన్న సొట్ట కనిపిస్తుంది. "ఇది ఎప్పుడైందండీ?" అంటే "నాకు ఇచ్చినప్పుడే ఉంది" అని జవాబు. సరే అని ఏడాది కిందటి ఫారం తీస్తారు. అందులో కండిషన్ అన్న గడిలో ఒకే ఒక్క మాట ఉంటుంది: "గుడ్". కింద ఇద్దరి సంతకాలు, తేదీ, అంతా పక్కాగానే ఉంటుంది. కానీ ఆ ఒక్క మాటను పట్టుకుని సొట్ట ముందే ఉందని తేల్చలేం, లేదనీ తేల్చలేం, ఎందుకంటే చిన్న సొట్ట ఉన్నా బాగా పనిచేసే ల్యాప్‌టాప్‌ని చూసి ఎవరైనా గుడ్ అనే రాస్తారు. ఇక్కడి నుంచి మాటా మాటా పెరుగుతుంది, చివరికి గొంతు ఎవరిది గట్టిదైతే వాళ్ల మాట నెగ్గుతుంది.

ఇలాంటి గొడవలన్నీ ఆఖరి రోజు పుట్టినట్టు కనిపిస్తాయి గానీ, నిజానికి అవి వస్తువు చేతికిచ్చిన రోజే పుడతాయి. తిరిగి తీసుకునేటప్పుడు కంపెనీ ఎంత రాబట్టుకోగలదో, ఉద్యోగి ఎంత వరకు కాదనగలడో, రెండూ ఇచ్చిన రోజు ఆ గడిలో రాసిన నాలుగు వాక్యాల మీదే ఆధారపడి ఉంటాయి. అయినా చాలా చోట్ల ఫారంలో బాధ్యత గురించి, జరిమానా గురించి రెండు పేరాలు ఉంటాయి, కండిషన్‌కి మాత్రం వేలెడంత గడి ఉంటుంది. ఇది తలకిందులుగా ఉండాలి.

ముందు వస్తువు ఏదో తేలాలి. ఫారంలో "ల్యాప్‌టాప్ ఒకటి, ఫోన్ ఒకటి" అని మోడల్ పేరుతో సరిపెడితే అదే మోడల్‌వి ఆఫీసులో నలభై ఉంటాయి. కంపెనీ అంటించే ఆస్తి స్టిక్కర్ నంబర్ ఒకటి ఉంటుంది, అది రిజిస్టర్‌లో వెతుక్కోవడానికి బాగుంటుంది గానీ దాన్నే నమ్ముకోకూడదు. స్టిక్కర్ ఊడిపోతుంది, అరిగిపోతుంది, సర్వీసుకి పంపినప్పుడు కింది ప్యానెల్ మారిస్తే పాత ప్యానెల్‌తో పాటే పోతుంది. తయారీదారు ఇచ్చిన సీరియల్ నంబర్ రాయాలి, అది కూడా పెట్టె మీద చూసి కాదు, మెషిన్‌ని ఆన్ చేసి, అది తన గురించి తాను ఏం చెబుతుందో చూసి రాయాలి. విండోస్ అయితే పవర్‌షెల్‌లో ఈ ఒక్క లైను చాలు:

```
Get-CimInstance Win32_BIOS | Select-Object SerialNumber
```

మ్యాక్ అయితే టెర్మినల్‌లో ఇది:

```
system_profiler SPHardwareDataType
```

కొన్నిసార్లు బయట అడుగున ముద్రించిన నంబర్ ఒకటి, లోపల చూపించేది ఇంకొకటి ఉంటుంది, లేదా లోపల ఆ చోటు ఖాళీగా ఉంటుంది. వెంటనే దొంగతనం అనుకోనక్కర్లేదు. మదర్‌బోర్డు మార్చిన తర్వాత సర్వీసు వాళ్లు నంబర్ ఎక్కించకపోతే అలాగే అవుతుంది. అప్పుడు రెండు నంబర్లూ రాసి, బోర్డు మారిందని ఒక మాట జోడించాలి. రాయకపోతే తిరిగిచ్చే రోజు "ఇది మేమిచ్చిన మెషిన్ కాదు" అనే మాట వస్తుంది, దానికి ఉద్యోగి దగ్గర జవాబు ఉండదు.

ఫోన్‌కి ఐఎంఈఐ నంబర్ ఉంటుంది, 15 అంకెలు. డయల్ చేసే చోట *#06# కొడితే తెర మీదికి వస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లు వస్తాయి, రెండూ రాసుకోవాలి. పెట్టె మీద నంబర్ చూసి రాసేయడం చాలా మామూలు పొరపాటు. వాడిన ఫోన్లు మళ్లీ ఇంకొకరికి ఇచ్చే చోట పెట్టెలు కలగాపులగం అయిపోతాయి, ఒకరి ఫోన్ ఇంకొకరి పెట్టెలో పడుతుంది, ఆ పెట్టె చూసి రాస్తే లేని ఫోన్‌కి బాధ్యత తీసుకుంటూ సంతకం పెట్టినట్టే.

ఛార్జర్‌కి వేరే వరస కావాలి. "ల్యాప్‌టాప్, ఛార్జర్‌తో సహా" అని రాస్తే సరిపోదు, ఎన్ని వాట్లదో రాయాలి. ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు ఒకే రకం టైప్-సి కేబుల్‌తో ఛార్జ్ అవుతాయి, అందుకే 65 వాట్ల ఛార్జర్ ఇస్తే ఏడాది తర్వాత 45 వాట్లది తిరిగి వస్తుంది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, పిన్ను దూరుతుంది, లైటు కూడా వెలుగుతుంది. పని ఎక్కువైనప్పుడు మాత్రం ఛార్జింగ్ పెట్టినా బ్యాటరీ దిగిపోతూ ఉంటుంది. ఆ టెన్షన్ తర్వాత వాడే మనిషికి తగులుతుంది, కారణం మాత్రం ఎవరికీ తెలియదు.

ఇక కండిషన్ సంగతి. గుడ్, ఫెయిర్, పూర్ అని మూడు గడులు పెట్టి టిక్కు కొట్టించే ఫారాలు ఎక్కువ. అవి రిజిస్టర్‌లో లెక్కకి బాగుంటాయేమో గానీ తగువు తీర్చడానికి ఎందుకూ పనికిరావు. పనికొచ్చే రాత ఎలా ఉంటుందంటే, ఎక్కడ, ఏమిటి, ఎంత అన్న మూడూ ఉంటాయి. ఉదాహరణకి:

"మూత పైభాగం: మధ్యలో సన్నటి గీత, 4 సెం.మీ., గోరుకి తగలదు. వెనక కుడి మూల: సొట్ట, 3 మి.మీ., పెయింటు లేచింది. తెర: తెల్ల రంగు మీద, నల్ల రంగు మీద చూశాం, మచ్చ లేదు. కీబోర్డు: అన్ని మీటలూ పడుతున్నాయి, స్పేస్ మీట మెరుపెక్కింది. ఎడమ వైపు రెండో టైప్-సి పోర్టు వదులుగా ఉంది, కానీ ఛార్జ్ అవుతోంది."

ఐదు నిమిషాల పని ఇది. ఇందులో "గోరుకి తగలదు" అన్న మాట చిన్నదే గానీ చాలా పని చేస్తుంది. గీత మీద గోరు అడ్డంగా గీస్తే అది పట్టుకోకపోతే పైపై గీత, వాడకంలో ఎవరికైనా వచ్చేదే. గోరు ఆగిందంటే లోతుగా దిగింది, ఏదో గట్టిగా తగిలింది. రేపు అరుగుదలా నష్టమా అన్న ప్రశ్న వస్తే ఈ తేడాయే తీర్పు చెబుతుంది.

తెరని తెల్ల రంగు మీదా నల్ల రంగు మీదా విడివిడిగా చూడాలి, ఎందుకంటే రెండింటిలో కనిపించేవి వేరు. మూత మీద బరువు పడితే వచ్చే మసక మచ్చలు తెల్ల తెర మీద బయటపడతాయి, అంచుల్లో కారే వెలుగు, ఎప్పుడూ వెలుగుతూ ఉండిపోయే చుక్కలు నల్ల తెర మీద కనిపిస్తాయి. మామూలు డెస్క్‌టాప్ బొమ్మ పెట్టి చూస్తే రెండూ దాక్కుంటాయి. ఫోన్ అయితే కెమెరా మీది అద్దం, వెనక పలక, ఛార్జింగ్ రంధ్రం, సిమ్ ట్రే చూడాలి. తెర మీద అంటించిన గాజు, వెనక కవరు తీసి చూడకపోతే చూసినట్టు కాదు. మూలల్లో పగుళ్లు కవరు కిందే ఉంటాయి.

ఫొటోలు తీయాలి, కానీ పై నుంచి ఫ్లాష్ కొట్టి తీసిన ఫొటోలో గీతలు మాయమవుతాయి. వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి తీస్తే సన్న గీత కూడా తేలుతుంది. మూత, అడుగు, తెర, కీబోర్డు, నాలుగు మూలలు, అంతే, పదికి లోపే అయిపోతాయి. మొదటి ఫొటోలో తెర మీద సీరియల్ నంబర్ కనిపిస్తూ ఉండాలి, లేకపోతే ఆ ఫొటోలు ఏ మెషిన్‌వో మళ్లీ వాదన. ఆ ఫొటోలు ఉద్యోగికి కూడా అదే రోజు పంపాలి, ఒక్క కంపెనీ దగ్గరే ఉంటే అవి ఒక పక్షం సాక్ష్యంగానే మిగిలిపోతాయి.

బ్యాటరీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కంటికి కనిపించదు, అయినా అంకెల్లో దొరుకుతుంది. విండోస్‌లో ఈ లైను కొడితే ఒక రిపోర్టు ఫైల్ తయారవుతుంది, అది ఎక్కడ సేవ్ అయిందో కూడా అదే చెబుతుంది:

```
powercfg /batteryreport
```

అందులో DESIGN CAPACITY అంటే కొత్తలో పట్టాల్సింది, FULL CHARGE CAPACITY అంటే ఇప్పుడు నిజంగా పట్టేది. మొదటిది 56,000, రెండోది 47,600 ఉంటే బ్యాటరీ 85 శాతం మిగిలినట్టు. ఈ రెండు అంకెలూ ఇచ్చే రోజు ఒకసారి, తీసుకునే రోజు ఒకసారి రాయాలి. వాడితే బ్యాటరీ తగ్గుతుంది, అది సహజం, దానికి ఎవరి దగ్గరా డబ్బు వసూలు చేయకూడదు. మరి రాయడం ఎందుకంటే, ఒకరు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు అప్పటికే సగం చచ్చిన బ్యాటరీని కొత్తవాడి ఖాతాలో వేయకుండా ఉండటానికి.

ఉబ్బిన బ్యాటరీ మాత్రం వేరే విషయం. మూత సరిగ్గా మూసుకోకపోవడం, టచ్‌ప్యాడ్ పైకి లేచి నొక్కు పడకపోవడం, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగడం, ఫోన్‌లో తెర ఒక అంచున లేవడం, ఇవి దాని గుర్తులు. అలాంటిది కనిపిస్తే ఛార్జ్ చేయకూడదు, నొక్కి సరిచేయకూడదు, మామూలు కొరియర్‌లో పంపకూడదు. ఫారంలో అది నష్టం కింద కాదు, ప్రమాదం కింద రాయాలి. లిథియం బ్యాటరీ ఉబ్బడం చాలావరకు వయసు, వేడి, తయారీ లోపం వల్ల వస్తుంది కాబట్టి కొట్టిన గుర్తులు లేనప్పుడు ఉద్యోగి మీద వేయడం అన్యాయం. పైగా, డబ్బు కట్టాల్సి వస్తుందేమో అన్న భయం ఉంటే జనం చెప్పకుండా దాచేస్తారు, ఉబ్బిన బ్యాటరీని దాచడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

సంతకం దగ్గరికి వద్దాం. అక్నాలెడ్జ్‌మెంట్ అంటే చాలామంది ఒకటే అనుకుంటారు గానీ అందులో నిజానికి రెండు మాటలు ఉన్నాయి. "ఈ వస్తువులు నాకు అందాయి" అన్నది ఒకటి. "ఇవి పైన రాసిన స్థితిలోనే ఉన్నాయి" అన్నది రెండోది. మొదటిదానికి చేతికి అందిన క్షణమే సంతకం పెట్టొచ్చు. రెండోదానికి వాడి చూడాలి. చేరిన మొదటి రోజు, ఇరవై కాగితాలు వరసగా ముందు పెట్టి సంతకాలు తీసుకునే హడావిడిలో, ఎవరూ ల్యాప్‌టాప్ తిప్పి అడుగు చూడరు, మైక్ పనిచేస్తుందో లేదో అసలు తెలియదు. అందుకే మంచి ఫారంలో మూడు పని దినాల గడువు ఉంటుంది: అందినట్టు ఈ రోజు సంతకం, స్థితిలో తేడా ఏదైనా కనిపిస్తే మూడు రోజుల్లో మెయిల్ చేస్తే అది ఫారంలో భాగం అవుతుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి కొరియర్‌లో పంపితే ఈ గడువు తప్పనిసరి, ఎందుకంటే దారిలో పెట్టె కింద పడిందా అన్నది అటూ ఇటూ ఎవరికీ తెలియదు. పెట్టె విప్పకముందు ఒక ఫొటో, విప్పాక ఒక ఫొటో తీసి పెట్టుకోమని పంపేవాళ్లే ముందుగా చెప్పాలి.

"వస్తువుకి ఏ నష్టం జరిగినా పూర్తి విలువ చెల్లిస్తాను" అని ఒక వాక్యం చాలా ఫారాల్లో కనిపిస్తుంది. దీన్ని చూసి కంపెనీ ధీమాగా ఉంటుంది, ఉద్యోగి భయపడతాడు, ఇద్దరిదీ పొరపాటే. జీతంలోంచి కోత పెట్టడానికి చాలా దేశాల చట్టాలు హద్దులు పెట్టాయి: కొన్ని చోట్ల ఆ కోతకి ప్రత్యేకంగా రాతపూర్వక ఒప్పుకోలు కావాలి, కొన్ని చోట్ల ముందు ఉద్యోగి మాట వినాలి, కొన్ని చోట్ల ఎంత వరకు కోయొచ్చో పరిమితి ఉంది. ఫారంలో రాసుకున్న వాక్యం ఆ చట్టాన్ని దాటలేదు. పైగా రెండేళ్లు వాడిన వస్తువుకి కొత్త ధర అడగడం ఏ లెక్కకీ నిలవదు. ఆ వాక్యం బదులు లెక్క ఎలా కడతారో ఫారంలోనే రాసేస్తే ఇద్దరికీ మంచిది.

మధ్యలో జరిగే మార్పులు ఎవరికీ పట్టవు. పదకొండో నెలలో తెర వెలగడం లేదని ఐటీ వాళ్లు వేరే ల్యాప్‌టాప్ ఇస్తారు, పాతది పక్కన పెడతారు, ఎవరూ ఏమీ రాయరు, పని నడుస్తుంది కదా అని. ఇంకో ఏడాదికి ఆ మనిషి వెళ్లిపోయే రోజు రిజిస్టర్‌లో అతని పేరు మీద పాత సీరియల్ నంబరే ఉంటుంది, చేతిలో ఉన్నది ఎవరి పేరు మీదా ఉండదు. ప్రతి మార్పిడికీ ఒక రిటర్న్ వరస, ఒక ఇష్యూ వరస ఉండాలి. ఐటీ అతను పాతది తీసుకున్న ఆ నిమిషంలోనే రసీదు అడగడం ఉద్యోగి హక్కు, అడగడానికి మొహమాటపడకూడదు.

ఇప్పుడు ఒక కేసు మొత్తం చూద్దాం. ధరలు ఎక్కడిక్కడ వేరు కాబట్టి ల్యాప్‌టాప్ కొన్నప్పటి ధరని 100 పాళ్లు అనుకుందాం.

కంపెనీ కొన్న ల్యాప్‌టాప్ ఒకటి 14 నెలలు ఒకరు వాడాక, ఇంకో ఉద్యోగికి ఇచ్చారు. ఇచ్చిన రోజు ఫారంలో పైన చెప్పిన రాతే ఉంది: మూత మీద సన్న గీత, వెనక కుడి మూల 3 మి.మీ. సొట్ట, బ్యాటరీ 85 శాతం, 65 వాట్ల ఛార్జర్. దాంతో పాటు కొత్త ఫోన్ ఒకటి ఇచ్చారు. 12 నెలల తర్వాత అతను మానేశాడు. తిరిగి వచ్చినప్పుడు కనిపించినవి ఇవి: మూలన సొట్ట, తెర కింది ఎడమ భాగంలో లోపలి పగులు, దాని చుట్టూ నల్లగా అల్లుకున్న మచ్చ, బ్యాటరీ 72 శాతం, ఛార్జర్ 45 వాట్లది. ఫోన్ పైకి శుభ్రంగా ఉంది, రీసెట్ చేసి ఇచ్చాడు, కానీ ఆన్ చేస్తే అతని సొంత అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతోంది. అకౌంట్స్ నుంచి మొదట వచ్చిన మాట ఏమిటంటే, ల్యాప్‌టాప్ పాడైంది, ఫోన్ పనికిరాదు, రెండింటి పూర్తి ధర కోసేయండి అని.

ఒక్కొక్కటీ విడదీస్తే చిత్రం మారిపోతుంది. సొట్ట ఇచ్చిన రోజు ఫారంలో ఉంది, కొలత కూడా అంతే, కాబట్టి కొట్టేయాలి. బ్యాటరీ 85 నుంచి 72కి వచ్చింది, ఏడాది వాడకానికి ఇది అరుగుదలే, కొట్టేయాలి. తెర పగులు మాత్రం ఇచ్చినప్పుడు లేదు, తెల్ల తెర మీదా నల్ల తెర మీదా చూసి మచ్చ లేదని రాసుకున్నారు, ఇద్దరూ సంతకం పెట్టారు. లోపలి పగులు దానంతట అది రాదు, మూత మధ్య పెన్నో ఇయర్‌ఫోనో ఉండగా మూసినా, మూత మీద బరువు పడినా వస్తుంది. ఇది నష్టమే.

ఎంత రాబట్టాలన్న దానికి ముందు ఆ రోజుకి ల్యాప్‌టాప్ విలువ ఎంతో కట్టాలి. కంపెనీ లెక్కలో ల్యాప్‌టాప్ ఆయుష్షు 36 నెలలు, ఆ తర్వాత మిగిలే విలువ 10 పాళ్లు అనుకుంటే, 36 నెలల్లో 90 పాళ్లు తరగాలి, అంటే నెలకి 2.5. కొన్న రోజు నుంచి ఇప్పటికి 26 నెలలు, తరిగింది 65, మిగిలింది 35. ఇక్కడ చాలామంది తప్పు చేసేది ఏమిటంటే ఉద్యోగికి ఇచ్చిన రోజు నుంచి లెక్క మొదలుపెడతారు. అలా చేస్తే 12 నెలలే తరుగుతుంది, మిగిలిన విలువ 70గా తేలుతుంది, అంటే అంతకుముందు మనిషి 14 నెలల వాడకం కూడా ఇతని నెత్తిన పడుతుంది. అందుకే ఇష్యూ ఫారంలో కొన్న తేదీ తప్పకుండా ఉండాలి, ఇచ్చిన తేదీ ఒక్కటే చాలదు.

తెర మార్చడానికి సర్వీసు సెంటర్ ఇచ్చిన కొటేషన్ 22 పాళ్లు. రిపేరు ఖర్చు, మిగిలిన విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే గరిష్ఠం. 22 అన్నది 35 కంటే తక్కువ కాబట్టి 22. కొటేషన్ 40 వచ్చి ఉంటే 35 దగ్గరే ఆగాలి, ఎందుకంటే ఆ రోజు ల్యాప్‌టాప్ మొత్తం పోయినా కంపెనీకి పోయేది అంతే. ఈ 22 కూడా అతని తప్పు ఉందని తేలితేనే. పని మీద తిరుగుతున్నప్పుడు జరిగిన ప్రమాదమై, అప్పుడే చెప్పి ఉంటే, పూర్తిగా వదిలేసే కంపెనీలు ఉన్నాయి, వదిలేయడమే సబబు కూడా. ల్యాప్‌టాప్‌కి ప్రమాద బీమాగానీ అదనపు వారంటీగానీ ఉండి తెర అందులో మారితే, కంపెనీ జేబులోంచి పోయిన భాగం మాత్రమే అడగాలి. బీమా దగ్గర ఒకసారి, ఉద్యోగి దగ్గర ఒకసారి తీసుకోవడం కుదరదు.

ఛార్జర్ కొత్తది 4 పాళ్లు. పోయింది 26 నెలల పాత ఛార్జర్ కాబట్టి అదే తరుగుదల వేస్తే 4లో 35 శాతం, అంటే 1.4. అంతకంటే మేలైన దారి ఇంకోటి ఉంది: అతని ఇంట్లోనో బ్యాగులోనో కంపెనీ 65 వాట్ల ఛార్జర్ ఉండే ఉంటుంది, వారం రోజులు గడువిచ్చి తెమ్మంటే సరి, కోతే అక్కర్లేదు. ఇలాంటి వాటికి ఫారంలో "కొరత" అని వేరే గడి పెట్టి పక్కన గడువు తేదీ రాస్తే నష్టంతో కలిసిపోకుండా ఉంటుంది.

ఫోన్ కథ పూర్తిగా వేరు. అది పాడవలేదు, తాళం పడింది. ఐఫోన్‌లో సొంత అకౌంట్‌తో ఫైండ్ మై ఆన్ చేసి ఉండగా దాన్ని తీయకుండా ఫోన్ చెరిపేస్తే, యాక్టివేషన్ లాక్ వల్ల మళ్లీ ఆ అకౌంట్ పాస్‌వర్డే అడుగుతుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ లోపలి నుంచి కాకుండా బటన్లు నొక్కి రికవరీ మెనూ నుంచి రీసెట్ చేస్తే పాత గూగుల్ అకౌంట్ అడుగుతుంది. దొంగల కోసం పెట్టిన తాళాలు ఇవి, ఉద్యోగి దురుద్దేశంతో చేసినవి కావు. "నీట్‌గా రీసెట్ చేసి ఇద్దాం" అనుకునే మంచివాళ్లే ఎక్కువగా ఇందులో పడతారు. వరస ఏమిటంటే ముందు సొంత అకౌంట్ నుంచి సైన్ అవుట్ అవ్వాలి, తర్వాతే రీసెట్. తీసుకునేవాళ్లు పరీక్షించే పద్ధతి కూడా సులువు: రీసెట్ అయిన ఫోన్‌ని వైఫైకి కలిపి సెటప్ రెండు మూడు తెరలు ముందుకి నడిపితే, తాళం ఉంటే అక్కడే అడుగుతుంది. పలకరింపు తెర కనిపించగానే బాగుంది అని పక్కన పెట్టేస్తే తాళం సంగతి ఆ మనిషి వెళ్లిపోయిన రెండు వారాలకి తెలుస్తుంది.

ఈ కేసులో ఫోన్ ఐఫోన్. అతను ఎక్కడి నుంచైనా తన అకౌంట్‌లోకి వెళ్లి ఆ ఫోన్‌ని జాబితాలోంచి తొలగించొచ్చు, కంపెనీకి రావాల్సిన పని లేదు. మెయిల్ పెట్టిన రెండు రోజులకి తీసేశాడు, ఫోన్ మామూలుగా తెరుచుకుంది, రాబట్టాల్సింది సున్నా. కంపెనీ ఆ ఫోన్‌ని కొన్నప్పుడే ఆపిల్ బిజినెస్ ఖాతాలో చేర్చి తన డివైస్ మేనేజ్‌మెంట్ కింద ఉంచి ఉంటే ఈ తాళాన్ని తానే తీయగలిగేది, ఎవరినీ బతిమాలే అవసరం ఉండేది కాదు. ఆ పని చేయకుండా పూర్తి ధర కోస్తామనడం తమ లోపాన్ని వేరేవాళ్ల మీద రుద్దడమే. ఒకవేళ అతను ఎంత అడిగినా తీయకపోతే అప్పుడు ఫోన్ పోయినట్టే లెక్క కట్టాలి: ఫోన్ ధరని విడిగా 100 పాళ్లుగా తీసుకుని, ఆయుష్షు 24 నెలలు, చివర 10 పాళ్లు అనుకుంటే నెలకి 3.75, 12 నెలలకి 45 తరిగి 55 మిగులుతుంది. అప్పుడు కూడా 100 కాదు.

మొత్తం మీద మొదట అడిగింది రెండు వస్తువుల పూర్తి ధర, చివరికి నిలిచింది ల్యాప్‌టాప్ ధరలో 22 పాళ్లు, ఛార్జర్ తేకపోతే ఇంకో 1.4. సొట్ట గురించి ఆ ఒక్క లైను లేకపోతే అదీ ఇందులో కలిసేది. తెర గురించిన లైను లేకపోతే కంపెనీ ఈ 22 కూడా అడగలేకపోయేది.

ఉద్యోగి వైపు నుంచి చూస్తే ఆఖరి వారంలో చేయాల్సినవి కొన్ని ఉంటాయి, వాటిలో పెద్దది ఓటీపీలు. బ్యాంకు లాగిన్, సొంత మెయిల్ రెండో తాళం ఆఫీసు ఫోన్‌లోని ఆథెంటికేటర్‌లో ఉంటే, ఫోన్ ఇచ్చేశాక సొంత అకౌంట్‌లోకే వెళ్లలేని పరిస్థితి వస్తుంది. ఫోన్ చేతిలో ఉండగానే వాటిని సొంత ఫోన్‌కి మార్చుకోవాలి. ల్యాప్‌టాప్‌ని మాత్రం సొంతంగా చెరిపేయకూడదు. అందులో కంపెనీ పని ఉంటుంది, కొన్నిసార్లు చట్టరీత్యా దాచాల్సిన ఫైళ్లు ఉంటాయి. సొంత ఫొటోలు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు తీసేసుకుని, సొంత అకౌంట్ల నుంచి బయటికొచ్చి అలాగే ఇవ్వాలి, పూర్తిగా చెరపడం ఐటీ వాళ్ల పని. లాగిన్ పాస్‌వర్డ్ కాక మెషిన్ ఆన్ అయ్యేటప్పుడు అడిగే బయోస్ పాస్‌వర్డ్ ఏదైనా పెట్టుకుని ఉంటే దాన్ని తీసేసి, తీసేసినట్టు ఫారంలో రాయించాలి. కాగితం మీద ఎవరి పాస్‌వర్డూ రాయకూడదు.

తిరిగిచ్చేటప్పుడు కూడా సంతకాలు రెండే, ఈసారి పెట్టేది కంపెనీ. పెట్టె అందింది, లోపల ఇవి ఉన్నాయి, ఈ సీరియల్ నంబర్లు, అన్న రసీదు అక్కడికక్కడే ఇవ్వాలి. పరీక్ష తర్వాత స్థితి రిపోర్టు వేరుగా ఇవ్వొచ్చు, దానికి గడువు ఉండాలి, ఐదు పని దినాలు చాలు. గడువు లేకపోతే ల్యాప్‌టాప్ అరలో నెల రోజులు పడి ఉంటుంది, ఈలోగా ఎవరో ప్రెజెంటేషన్‌కని తీసుకెళ్తారు, అప్పుడు కనిపించిన పగులు ఎవరిది? రసీదు తీసుకోకుండా సెక్యూరిటీ బల్ల మీద వదిలేసి వెళ్లిపోతే ఉద్యోగి దగ్గర ఇచ్చానన్న రుజువే ఉండదు. కొరియర్ అయితే పికప్ స్లిప్ నంబర్, పెట్టె మూసేముందు అతను తీసిన ఫొటోలు, ఇవే అతని రసీదు.

కోత ఏదైనా ఉంటే రిపోర్టు, ఫొటో, కొటేషన్, లెక్క నాలుగూ ముందు ఉద్యోగికి పంపి, జవాబుకి సమయం ఇచ్చి, ఆ తర్వాతే సెటిల్‌మెంట్‌లో చూపించాలి. 1.4 పాళ్ల ఛార్జర్ కోసం మొత్తం సెటిల్‌మెంట్ ఆపి కూర్చోవడం చాలా చోట్ల జరుగుతుంది, అది తప్పు. తగువు ఉన్నంత మొత్తాన్ని పక్కన పెట్టి మిగతాది ఇచ్చేయాలి.

ఈ కేసులో ఆఖరి రసీదు మీద రాసింది ఇంత: "ల్యాప్‌టాప్ అందింది, తెర నష్టం 22 పాళ్లకి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఛార్జర్ 65 వాట్లది నాలుగో రోజు అందింది, కొరత లేదు. ఫోన్ తాళం తీశారు, బాకీ లేదు." రిజిస్టర్‌లో అతని పేరు తీసేసి, తెర మార్చాక స్థితి మళ్లీ రాశారు: వెనక కుడి మూల సొట్ట, 3 మి.మీ.; తెర కొత్తది; బ్యాటరీ 72 శాతం. ల్యాప్‌టాప్ తర్వాత ఎవరి చేతికి వెళ్లినా వాళ్ల ఇష్యూ ఫారంలో కండిషన్ గడి ఈ మూడు లైన్లతోనే మొదలవుతుంది.